రాజనర్సయ్య ఫోన్లో కొరియా వారం

రాజనర్సయ్యకు ఇంగ్లీషు రాదు. కానీ ఇంగ్లీషు నేర్చుకుందామని ఊళ్ళ నుంచి అమీర్‌పేటలో బస్సు దిగిన పిల్లల్లో సగం మంది మొట్టమొదట చూసింది ఆయన రాసిన ఇంగ్లీషునే. మైత్రీవనం వెనక సందుల్లో ఏ గోడ చూసినా, ఏ మెట్ల దారి చూసినా, కంప్యూటర్ కోర్సుల పేర్లు ఎర్రగా, పచ్చగా, నీడలతో సహా నిలబడి ఉండేవి. అడుగున మూలకు చీమంత అక్షరాల్లో ‘రాజు ఆర్ట్స్’ అని ఉండేది. ఆ కోర్సులేమిటో ఆయనకు తెలియదు. ఒకసారి ఎవరో అడిగితే, ‘జావా అంటే గుండ్రాలు తక్కువ, మస్తు అల్కగ రాయొచ్చు; ఒరాకిల్ అంటే మొదాలే పెద్ద గుండ్రం, చెయ్యి గుంజుతది’ అని చెప్పాడు. అంతకంటే బాగా వివరించిన ఫ్యాకల్టీ ఆ సందుల్లో లేడని చదివిన వాళ్ళే ఒప్పుకున్నారు.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. ఒక మిషను రాత్రికి రాత్రి వంద బోర్డులు కక్కడం మొదలుపెట్టాక రాజనర్సయ్య బ్రష్షులను కిరసనాయిలుతో కడిగి, పాత చీరముక్కలో చుట్టి, యూసుఫ్‌గూడ ఇంట్లో బీరువా మీద పెట్టేశాడు. ఏడ్చాడా అంటే ఏడవలేదు. పొద్దున్నే లేచి నడవడం మొదలుపెట్టాడు. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా, మెట్రో స్తంభాల నీడలో, తన పాత అక్షరాలు ఎక్కడెక్కడ బతికున్నాయో వెతుక్కుంటూ నడుస్తాడు. ఫ్లెక్సీ చిరిగితే వెనక నుంచి ఒక అక్షరం తొంగిచూస్తుంది. సున్నం రాలితే దాని కింద నుంచి ఒక నీడ బయటపడుతుంది. వాటన్నిటినీ ఫోన్లో ఫొటో తీసుకుంటాడు. కొడుకు విజయేందర్ కొనిచ్చిన ఫోను అది. మూడేళ్ళలో నాలుగు వందల పన్నెండు ఫొటోలు పోగయ్యాయి. వాటిలో ఒక్క మనిషి ముఖం లేదు, అన్నీ అక్షరాల ముఖాలే.

ఆ ఫోనే ఒక బుధవారం సాయంత్రం కొరియాకు వెళ్ళిపోయింది.

పంపించింది మనవరాలు యశస్విని. పదకొండేళ్ళది. ఇంట్లో వాళ్ళ నాన్న ఫోను ముట్టనివ్వడు, అమ్మ ఫోనుకు లాకు. తాత ఫోనుకు మాత్రం లాకూ లేదు, అడ్డూ లేదు. కొరియా పాటలు విని విని ఆ పిల్లకు ఆ లిపి మీద ప్రేమ పుట్టింది.

“తాతా, గీ అక్షరాలు చూడవా. నువ్వైతే గివి మస్తు రాస్తవ్,” అంటూ ఫోను ఆయన ముందు పెట్టింది.

రాజనర్సయ్య కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. చిన్న చిన్న పెట్టెలు. ఒక్కో పెట్టెలో ఒక గుండ్రం, పక్కన ఒక పుల్ల, కింద ఒక చెమ్చా. పెళ్ళివారింట్లో గిన్నెలు బోర్లించి పెట్టినట్టు వరసగా, శుభ్రంగా ఉన్నాయి.

“ఎవడో గాని మంచి పెయింటరే కూసోని తయారుజేసిండు,” అన్నాడు. “ఒక్క గీత ఫాల్తు లేదు.”

ఆ మాటకు పిల్ల మురిసిపోయి ఫోను భాషను మళ్ళీ తెలుగులోకి మార్చేలోపే విజయేందర్ ఇంట్లోకి వచ్చాడు.

విజయేందర్ అమీర్‌పేటలో ఒక శిక్షణ సంస్థలో పాఠం చెబుతాడు. పొద్దున ఏడు నుంచి రాత్రి దాకా మూడు బ్యాచులు. ఆ నెలలోనే పాఠం మధ్యలో తండ్రి నుంచి నాలుగుసార్లు ఫోను వచ్చింది. ఒకసారి తెర నిలువుగా ఉండనంటూ అడ్డం తిరిగింది. ఒకసారి టార్చి ఆరనంది. ఒకసారి మోతే లేదు. ఇంకోసారి ఏ తప్పూ లేదు, ‘అన్నం తిన్నవా’ అని అడగడానికి చేశాడు. ఎనభై మంది పిల్లలు వింటుండగా, మైకు మీద, ‘తిన్న బాపు’ అని జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

అందుకని విజయేందర్ ఫోను చూశాడు, కూతురిని చూశాడు, తండ్రిని చూశాడు. కోప్పడలేదు. కోపంకన్నా భయంకరమైన పని చేశాడు. పాఠం మొదలుపెట్టాడు.

“బాపు, నేను మారుస్త లేను. యశూ, నువ్వు ముట్టుకోవద్దు. నేను మంచిగ గైడ్ రాసిస్త. అండ్ల ఎట్లుంటె గట్ల చేసి ఆదివారం దాక నువ్వే తెలుగు తెచ్చుకో. తెచ్చుకున్నవనుకో, ఫోన్ నీదే. రాలేదంటే జర ఇబ్బందే, గా బటన్ల డబ్బా ఫోన్ వాడుకో. టేబుల్ సొరుగులనే ఉన్నది, చార్జింగ్ పెట్టి ఉంచిన.”

“డబ్బా ఫోన్ల కెమెరా ఉంటదా?”

“ఉండదు బాపు. అందుకే అది ఖరాబ్ కాదు.”

రాజనర్సయ్య ఫోను జేబులో పెట్టుకున్నాడు. నాలుగు వందల పన్నెండు అక్షరాలు గంపలో సర్దుకుని ఎవరో గుమ్మం దాటిపోతున్నట్టు అనిపించింది ఆయనకు. నాలుగు వందల పదమూడోది పంజాగుట్టలో ఉందని ఆయనకు ఖాయంగా తెలుసు. ఒక మూసేసిన ఆస్పత్రి కాంపౌండు గోడ మీద, రావిమొక్క మొలిచిన చోట, సగం ‘డా’ కనిపిస్తోంది. ఇంకో రెండు వానలు పడి సున్నం రాలితే ఇంకో సగం బయటపడుతుందని ఎదురుచూస్తున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నానికి గైడ్ తయారైంది. విజయేందర్ దాన్ని అచ్యుతరావు జిరాక్సు షాపుకు పంపాడు. అచ్యుతరావుది తణుకు వైపు. అమీర్‌పేటలో పాతికేళ్ళుగా ఇదే పని: ఒకడు రాసుకున్న నోట్సు కాపీ తీసి, స్పైరల్ వేసి, ‘మెటీరియల్’ అని వెయ్యి మందికి అమ్మడం. రాజనర్సయ్యకు పాత స్నేహితుడు. షాపు బోర్డు మీది అక్షరాలు ఈయన రాసినవే. అవి వెలిసిపోయినా మార్చడు, ‘నా బోర్డు చూసి నన్ను గుర్తుపట్టేవాడు నన్ను చూసి గుర్తుపట్టడండీ’ అంటాడు.

“రండి రండి రాజనర్సయ్య గారూ, మీ మెటీరియల్ వచ్చిందండీ,” అన్నాడు గ్లాసు తలుపు తీసి. “ఏంటండీ ఇది, మీరు ఈ వయసులో కోర్సులో చేరారా?”

“చేరలే రావు సాబ్, చేర్చిండ్రు.”

తొమ్మిది పేజీల పుస్తకం. పైన పారదర్శకపు అట్ట, వెనక నీలం అట్ట. మొదటి పేజీలో కోర్సు పేరు పెద్దక్షరాల్లో ఉంది. రెండో పేజీలో, ‘ఈ కోర్సుకు ముందు ఏం తెలిసి ఉండాలి’. మూడో పేజీలో విషయ పరిచయం. ఫోనులో భాష అంటే ఏమిటి, ఎందుకు, దాని లాభాలు. అచ్యుతరావు ఆ పేజీ చదివి ఆవులించాడు.

“అబ్బాయి బాగా రాశాడండీ. ఒక్క ప్రాజెక్టే తక్కువ,” అన్నాడు.

నాలుగో పేజీ నుంచి బొమ్మలు. తెర ఫొటోలను నలుపు తెలుపులో కాపీ తీసేసరికి రంగులన్నీ బూడిదై, పిడకలు ఆరేసిన గోడలా తయారయ్యాయి. వాటి పక్కన వాక్యాలు తెలుగులోనే ఉన్నాయి గానీ, నొక్కాల్సిన మాటలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ‘సెట్టింగ్స్‌లో పదకొండో లైను (System) నొక్కండి. తర్వాత ఐదో లైను (Languages) నొక్కండి. తర్వాత తెలుగును సెలెక్ట్ చేయండి.’

రాజనర్సయ్య షాపు ముందు స్టూలు మీద కూర్చుని, పుస్తకం ఒక మోకాలి మీద, ఫోను ఇంకో మోకాలి మీద పెట్టుకున్నాడు. పుస్తకంలో ఇంగ్లీషు, ఫోన్లో కొరియా. ఆ రెండూ ఒకదాన్నొకటి ఎన్నడూ చూసిన పాపాన పోలేదు. మధ్యలో తెలుగు మనిషి ఒక్కడే, ఎవరి పెళ్ళికి వచ్చాడో తెలియని అతిథిలా కూర్చున్నాడు.

అయినా లెక్క లెక్కే కదా అనుకున్నాడు. సెట్టింగ్స్‌కు ఉండే పళ్ళచక్రం బొమ్మను గుర్తుపట్టాడు, అది మారలేదు. నొక్కాడు. వరసగా గళ్ళు వచ్చాయి. పై నుంచి ఒకటి, రెండు, మూడు అంటూ వేలితో లెక్కపెట్టాడు. పదకొండో గడి. నొక్కాడు. ఇంకో వరస తెరుచుకుంది. ఐదోది. నొక్కాడు.

తెర మీద తెలుపంతా నలుపైంది. నలుపంతా తెలుపైంది.

రాజనర్సయ్య కదలకుండా కూర్చున్నాడు. ఎదురుగా రోడ్డు మీద బస్సులు మామూలుగానే పోతున్నాయి. ఫోన్లో మాత్రం రాత్రి పడింది. నల్లటి తెర మీద కొరియా గుండ్రాలు వెన్నెల్లో ముగ్గులా మెరిశాయి. అనుమానమొచ్చి ఫొటోలు తెరిచాడు. ఎర్రగా రాసిన అక్షరాలు ఆకాశం రంగులోకి వెళ్ళాయి, పసుపు రాసినవి నీలమయ్యాయి, తను వేసిన నీడలు వెలుగులయ్యాయి. ముప్ఫై ఏళ్ళు తను గోడల మీద రాసిందంతా, గోడకు అవతలి నుంచి చూస్తున్నట్టుంది. కాసేపు భయం మరిచిపోయి, ఒక్కొక్క ఫొటో తిప్పుకుంటూ కూర్చున్నాడు.

“ఏంటండీ, నెగెటివ్ కడిగినట్టుంది,” అన్నాడు అచ్యుతరావు వంగి చూసి.

“మంచిగున్నది గని, గిది నా ఫోన్ కాదు రావు సాబ్.”

“ఏది నొక్కారో మళ్ళీ అదే నొక్కండి మరి. తాళం వేసిన చెయ్యే తియ్యాలి.”

ఆ మాట పని చేసింది. వెనక్కి పోయి ఐదో గడి మళ్ళీ నొక్కాడు. పగలు తిరిగొచ్చింది. అప్పుడు ఆయన పుస్తకంలో బొమ్మనూ తెరనూ పక్కపక్కన పెట్టి, చదవడం మానేసి చూశాడు. బోర్డు కాపీ చేసేవాడి చూపు అది. మాట అక్కర్లేదు, ఎక్కడ ఏముందో చాలు. పుస్తకంలో గళ్ళు వేరే విధంగా ఉన్నాయి. అందులో లేని ఒక అట్టముక్కలాంటిది తన ఫోన్లో అన్నిటికన్నా పైన కూర్చుని ఉంది. కాసేపటికి దానంతటదే పోయింది కూడా.

“రావు సాబ్, గీ పుస్తకం నా ఫోన్‌ది కాదు. మావోడు వాని ఫోన్ చూసి రాసిండు. వానిది వేరే కంపెనీ.”

అచ్యుతరావు కళ్ళద్దాలు పైకి తోసుకుని పుస్తకాన్నీ ఫోన్నూ చూశాడు. నవ్వు ఆపుకోవడానికి జిరాక్సు మిషను మీద చెయ్యి వేశాడు.

“అమీర్‌పేట మెటీరియలండీ. ఒకడి సిలబస్సు, ఇంకొకడి పరీక్ష. పాతికేళ్ళుగా అందరూ ఇలాగే పాసయ్యారు. ఒక్క ఫోను చెయ్యండి అబ్బాయికి.”

“క్లాసుల ఉంటడు. చెయ్య.” పుస్తకం మూస్తూ అన్నాడు: “చేస్తే డబ్బా ఫోనే.”

శనివారం పొద్దున ఆయన పంజాగుట్ట వైపు నడిచాడు. మబ్బు పట్టి ఉంది. మెట్రో రైలు పైన పోతుంటే కింద రోడ్డంతా చిన్నగా వణుకుతోంది. మూసేసిన ఆస్పత్రి గోడ దగ్గర, రావిమొక్క పక్కన, ఎత్తరుగు మీద కూర్చున్నాడు. సగం ‘డా’ అలాగే ఉంది. దానికి ఎదురుగా కూర్చుంటే ఎందుకో చేతికి ధైర్యం వస్తుందనిపించింది.

జేబులోంచి ఒక సుద్దముక్క తీశాడు. నేల మీద బండరాయి నున్నగా ఉంది. ఫోన్లో చూసింది చూసినట్టు బండ మీద గీయడం మొదలుపెట్టాడు. పళ్ళచక్రం గీశాడు. బాణం. గళ్ళ వరస. ఇప్పుడు పై నుంచి లెక్కపెట్టలేదు. పైన ఎప్పుడేం వచ్చి కూర్చుంటుందో నమ్మకం లేదు. చివరిదాకా జారాడు. కింద ఇంక పోవడానికి లేదు. అట్టడుగు గడి పక్కన సున్నా, సున్నాలో చిన్న పుల్ల, పుల్ల మీద చుక్క. పుస్తకంలో పదకొండో గడి పక్కనా, బూడిద బొమ్మలో, ఇదే గుర్తుంది. అది గీశాడు. నొక్కాడు. లోపల అన్నిటికన్నా పైన ఒక గోళం, గీతలు గీసిన పుచ్చకాయలా ఉంది. గీశాడు, నొక్కాడు. లోపల మొదటి గడి. నొక్కాడు.

ఒక్కో గడి దాటుతున్నప్పుడు ఏదో పెద్ద ఖాళీ భవంతిలో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి, చెప్పులు విప్పి పట్టుకుని నడుస్తున్నట్టుంది ఆయనకు. ఎవరూ లేరు. గోడల నిండా గుండ్రాలూ పుల్లలూ. అవి ఆయన్ను కోప్పడటం లేదు, రమ్మనడమూ లేదు.

ఆఖరి గదిలో రెండే పేర్లున్నాయి. పైది కొరియాది. దాని కింద, తెల్లటి తెర మీద, ఒక్కతే నిలబడి ఉంది: తెలుగు.

తెలుగు అని తెలుగులోనే రాసి ఉంది. ఫోనంతా భాష మార్చేసుకున్నా తన పేరు మాత్రం మార్చుకోకుండా కూర్చుంది. రాజనర్సయ్యకు నవ్వొచ్చింది. “ఏమే, నువ్వు గిక్కన్నే ఉన్నవా,” అన్నాడు పైకే.

నొక్కాడు. ఏమీ కాలేదు.

ఇంకోసారి గట్టిగా నొక్కాడు. ఏమీ కాలేదు. గైడ్ తీసి చూశాడు. ‘తెలుగును సెలెక్ట్ చేయండి’, అంతే, పేజీ అయిపోయింది. చూపుడు వేలుతో, మధ్య వేలుతో, గోరుతో నొక్కాడు. ముప్ఫై ఏళ్ళు ఎనామిల్ పెయింటు తాగిన వేళ్ళు అవి, బండబారిపోయాయి; తెరకు తగలడం లేదేమోనని వేలి కొస నాలుక మీద తడి చేసుకుని, పంచె అంచుతో తుడుచుకుని మరీ నొక్కాడు. తెలుగు రెండో స్థానంలో బుద్ధిగా కూర్చుంది. పరీక్ష రాసి ఫలితాల్లో రెండో ర్యాంకు వచ్చిన పిల్లలా పైకి చూస్తోంది, కదలదు.

ఇక డబ్బా ఫోనే అనుకున్నాడు. ఎదురుగా గోడ మీద సగం అక్షరాన్ని చూశాడు. మిగతా సగం ఎవరు ఫొటో తీస్తారు? ఎవరూ తీయరు. తీయకపోతే ప్రపంచం మునగదు కూడా. ఆ సంగతి ఆయనకు తెలుసు, అదే ఎక్కువ బాధగా ఉంది.

కాసేపు ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పైన ఇంకో రైలు పోయింది. మళ్ళీ చూసినప్పుడు కుడివైపు ఒక సంగతి కనబడింది. ప్రతి పేరుకూ చివర, అంచు దగ్గర, చిన్న అడ్డగీతలు ఉన్నాయి. అక్షరం కాదు. అంకె కాదు. పేర్ల పక్కన ఊరికే ఉన్నాయి.

ఊరికే గీత గీయడు ఎవడూ. పెయింటరన్నవాడికి రంగు ఊరికే రాదు, పొద్దూ ఊరికే రాదు. ఈ లిపి కనిపెట్టిన వాడిలాగే ఈ ఫోను కనిపెట్టిన వాడూ ఫాల్తు గీత గీసి ఉండడని ఆయనకు అనిపించింది. తెలుగు పక్కనున్న గీతల మీద వేలు పెట్టాడు. నొక్కి తీయలేదు. ఆలోచిస్తూ అలాగే ఉంచేశాడు.

పేరు కింద నీడ పడింది.

తెరకు తెలిసినా తెలియకపోయినా, నీడ సంగతి ఆయనకు తెలుసు. అక్షరం కింద నీడ వేస్తే అది గోడ నుంచి లేచినట్టు కనిపిస్తుంది. ఆ ఒక్క మాయ అమ్ముకునే ఇద్దరు పిల్లల్ని చదివించాడు. ఇక్కడ నీడ పడిందంటే, ఈ గడి లేచింది. లేచిందంటే కదులుతుంది. వేలు ఎత్తకుండా, సున్నం గోడ మీద నిలువు గీత అడుగు నుంచి పైకి లాగినట్టు, మెల్లగా పైకి లాగాడు. తెలుగు పైకి జరిగింది. కొరియా తనంతట తానే పక్కకు తప్పుకుని కిందికి దిగింది, బస్సులో పెద్దాయన ఎక్కితే సీటిచ్చిన పిల్లలా. అప్పుడు వేలు తీశాడు.

తెర ఒకసారి రెప్ప వేసింది. కళ్ళు తెరిచేసరికి పైనా కిందా మధ్యా అంతా తెలుగు.

ఆయన చాలాసేపు లేవలేదు. పైకి వెళ్ళాడు, కిందికి వచ్చాడు, చదవగలిగిన ప్రతిదీ చదివాడు. తర్వాత, ఎవరూ చూడటం లేదని రెండు వైపులా చూసుకుని, కొరియా గీతలు పట్టుకుని దాన్ని పైకి లాగాడు. మళ్ళీ తెలుగును లాగాడు. అలా ఏడుసార్లు చేశాడు. వచ్చేపోయేవాళ్ళు ఈ ముసలాయన ఒళ్ళో పావురాన్ని పెట్టుకుని దువ్వుతున్నాడేమో అని చూసి పోయారు. లేచేముందు బండ మీది సుద్ద బొమ్మల్ని అలాగే వదిలేశాడు. వాన చూసుకుంటుందిలే అనుకున్నాడు.

ఆదివారం పరీక్ష. టీ తాగాక విజయేందర్ ఫోను అందుకున్నాడు. అప్పటికే అది తెలుగులో ఉంది.

“యశూ చేసిందా?”

“నేను ముట్టుకోలే డాడీ. దేవునితోడు.”

“దానికేం తెల్వదు,” అన్నాడు రాజనర్సయ్య. “నేనే చేసిన.”

“అయితే ఇంకోసారి నా ముంగట చెయ్యి బాపు. కొరియా వద్దు, అది నువ్వు బట్టీ పట్టి ఉంటవ్. నేను వేరేది పెడత.” విజయేందర్ ఫోను వెనక్కి తిప్పుకుని కొత్త భాష ఒకటి వెతికి, చేర్చి, పైకి లాగి ఇచ్చాడు. “ఇగో. పేపర్ మార్చిన.”

ఉర్దూ పెట్టాడు. అక్షరాలు మాత్రమే మారతాయనుకున్నాడు. కానీ ఉర్దూతోపాటు తెరంతా అద్దంలో చూసినట్టు తిరగబడింది. ఎడమనున్న బొమ్మలు కుడికి పోయాయి, వెనక్కి పోయే బాణం అటువైపు తిరిగింది. తండ్రి భుజం మీంచి చూస్తున్న విజయేందర్‌కే దిక్కు తెలియలేదు.

“అరె, అంత ఉల్టా అయింది. ఇటివ్వు బాపు, ఇది కాదు, వేరే పెడత. ఇది నాకే అర్థమైతలేదు.”

“ఆగు.”

“గైడ్‌ల ఇది రాయలే నేను.”

“గైడ్‌ల ఏం రాసినవో నాకెరుకే గని, జర ఆగు కొడుకా.”

రాజనర్సయ్య తెరను కాస్త దూరంగా పట్టుకుని చూశాడు. మొజంజాహి మార్కెట్ దగ్గర అత్తరు దుకాణాలకు, మసాబ్ ట్యాంక్ దగ్గర హకీమ్ సాబ్‌కు, ఇంకా ఎందరికో ఉర్దూ బోర్డులు రాశాడాయన. ఉర్దూ బోర్డు రాసేటప్పుడు నిచ్చెన ఎడమ పక్కన వేయాలి. కుడి పక్కన వేస్తే రాసిన తడి అక్షరం మీద మోచెయ్యి పడుతుంది. మొదటిసారి అలా పడి హకీమ్ సాబ్ పేరు చెరిపేసి ఆయనతో తిట్లు తిన్నాడు.

“గిది కుడి దిక్కు నుంచి నడిచే గోడ,” అన్నాడు. “నిచ్చెన అటు మార్చాలె, అంతే.”

పళ్ళచక్రం. చివరిదాకా జారుడు. సున్నాలో పుల్ల, ఇప్పుడది కుడి అంచున ఉంది. పుచ్చకాయ గోళం. మొదటి గడి. పేర్లు మూడు వచ్చాయి. తెలుగు రెండోది. అలవాటు చొప్పున వేలు కుడివైపుకు పోయింది; గాలిలోనే ఆగింది. ఎడమ అంచు దగ్గర గీతలు కనిపించాయి. వేలు అక్కడ పెట్టాడు, నీడ పడేదాకా ఉంచాడు, పైకి లాగాడు, తీశాడు. తెర మళ్ళీ ఇటువైపు తిరిగి తెలుగులో కూర్చుంది.

యశస్విని చప్పట్లు కొట్టబోయి, తండ్రి ముఖం చూసి, చేతులు వెనక పెట్టుకుంది. విజయేందర్ ఫోను వైపే చూశాడు. సంస్థలో ఎవరైనా పిల్లాడు సిలబస్సులో లేని ప్రశ్నకు జవాబు రాస్తే ఆయన ముఖం ఇలాగే ఉంటుంది. మార్కులు వేయాలని ఉంటుంది, ఎన్ని వేయాలో తెలియదు.

“నా మెటీరియల్ పనికొచ్చిందా?” అన్నాడు చివరికి.

“అట్టలు మంచిగున్నయి.”

“నిజం చెప్పు బాపు.”

“నువ్వు నీ ఫోన్ చూసి రాసినవ్ కొడుకా. నా ఫోన్ చూడనే లే. పై నుంచి లెక్కవెట్టుమన్నవ్, పైన ఒక అట్ట వచ్చి కూసున్నది, లెక్క తప్పింది. మాటలు రాసినవ్, అవే కదా ఆ ఫోన్ల లేనివి. ఆఖర్ల సెలెక్ట్ జెయ్యి అన్నవ్. నొక్కితే ఏం కాలే. నొక్కుడు కాదది, గుంజుడు. నీ చేతికి అలవాటు గనుక నీకు యాదికి రాలే.”

విజయేందర్ లోపలికి పోయాడు. టేబుల్ సొరుగు తెరిచిన చప్పుడైంది. రాజనర్సయ్య ఫోను మీద చెయ్యి వేసి పట్టుకున్నాడు. కొడుకు తిరిగొచ్చాడు, చేతిలో డబ్బా ఫోను లేదు, పెన్నుంది. స్పైరల్ పుస్తకాన్ని బోర్లా తిప్పి, నీలం అట్ట లోపలి ఖాళీ పేజీ తెరిచి, తండ్రి పక్కన నేల మీద కూర్చున్నాడు.

“చెప్పు. మా సంస్థల సగం మందికి ఇంట్ల అమ్మ నాయినల ఫోన్లతోనే పంచాయితీ. నువ్వు చెప్పు, నేను రాస్త.”

“మాటలు వద్దు. బొమ్మలు గియ్యి.”

“నాకు గియ్యరాదు బాపు.”

“అయితే జాగ వదిలిపెట్టు, నేను గీస్త. నువ్వు పక్కన రాయి. ఒకటి: పళ్ళచక్రం నొక్కాలె. అది ఏ భాషల అయినా మారదు. రెండు: కిందికి జారాలె, ఇంక జారని దాక. మూడు: అట్టడుగుది, సున్నాల పుల్ల.”

“ఇది నీ ఫోన్‌లనే అడుగున ఉంటది. వేరే కంపెనీదైతే వేరే జాగల ఉంటది.”

“అది సుత రాయి. ఎవ్వలి గైడ్ వాళ్ళ ఫోన్ చూసే రాయాలె అని. నాలుగు: పుచ్చకాయ. ఐదు: లోపల పైనున్న మొదటి గడి. ఆరు: తెలుగు కనవడ్తది. ఫికర్ వద్దు, దాని పేరు దాని అక్షరాలల్లనే ఉంటది.”

“లేకుంటే?”

“లేకుంటే ఏంది?”

“తెలుగు అసలు ఆ వరసల లేకుంటే? తీసేసి ఉంటే? అప్పుడు కింద ప్లస్ గుర్తు ఉంటది, అది నొక్కి, వరసల తెలుగు దాక జారి చేర్చుకోవాలె.”

“గిది నాకు తెల్వదు,” అన్నాడు రాజనర్సయ్య మెచ్చుకోలుగా. “నువ్వు సుత చదువుకున్నోనివే. రాయి. ఏడు: నొక్కొద్దు. పక్కన గీతలు ఉంటయి, వాటి మీద వేలు పెట్టి ఉంచాలె. నీడ పడే దాక.”

విజయేందర్ పెన్ను ఆపాడు. “నీడ పడ్తదా?”

“పడ్తది. చూడు.”

ఇద్దరూ తలలు వంచి చూశారు. వేలు కింద తెలుగు లేచి నిలబడింది. దాని కింద సన్నగా, బూడిద రంగులో, ఎంత మంచి బ్రష్షుతోనూ అంత మెత్తగా వేయలేని నీడ. పదిహేనేళ్ళుగా కంప్యూటర్ పాఠాలు చెబుతున్న విజయేందర్ దాన్ని మొదటిసారి చూశాడు.

“పైకి గుంజి, ఎప్పుడు తియ్యాలె?” అన్నాడు.

“మీదికి చేరినంకనే. నడిమిట్ల తీస్తే ఎక్కడిదక్కడ్నే కూసుంటది.” రాజనర్సయ్య కొడుకు చేతిరాతను చూసి కళ్ళద్దాలు పైకి తోశాడు. “ఇంత సన్నగ రాస్తే ఏ ముసలోడు చదువుతడురా. పెద్దగ రాయి. రెండో పేజీలకు పోయినా పోనీ.”